తాతయ్య మరణించి ఊరెళ్లాను

మా మేనల్లుడు తెలుగు ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాడు. పొడుపు కథల మీద ప్రాజెక్టు. గడువు దగ్గర పడింది, ప్రాజెక్టు పడలేదు. గైడ్ మేడమ్‌ను గడువడుగుతూ ఓ ఉత్తరం రాసి, ముందు నాకు వాట్సాప్‌లో పంపాడు. “మామయ్యా, తప్పులుంటే దిద్దిపెట్టవా?” వారపత్రికలో ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి ఇలా అడగడమంటే, ఉపవాసమున్నవాణ్ణి పులిహోర రుచి చూడమనడమే.

“పూజ్యనీయులైన సార్/మేడమ్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ప్రాజెక్టు 15వ తేదీ లోపు ఇవ్వాలని మేడమ్ చెప్పింది. కానీ మా తాతయ్య మరణించి ఊరెళ్లి పదకొండు రోజులు అక్కడే ఉండిపోయాను. తర్వాత లాప్‌టాప్ పాడైంది. దయచేసి నాకు టైమ్ ఇవ్వండి. అర్థం చేసుకోగలరు.”

పూజ్యులు ఉన్నారు, పూజనీయులు ఉన్నారు. ఇద్దరినీ కలిపి కుడితే వచ్చే పూజ్యనీయులు మాత్రం వ్యాకరణంలో ఎక్కడా లేరు, సన్మాన పత్రాల్లో తప్ప. ‘సార్/మేడమ్’లో ఆ గీత, ఉత్తరాన్ని ఏదో నమూనా నుంచి దింపాడని చెబుతోంది. ఇక ‘వ్రాయునది ఏమనగా’. గిడుగు రామమూర్తి గారు వ్యావహారికం కోసం పోరాడి వందేళ్లు దాటింది. ఆ కబురు సెలవు చీటీల దాకా ఇంకా చేరినట్టు లేదు.

ఇవన్నీ చిల్లర. అసలు ఘోరం తాతయ్య దగ్గర జరిగింది. తెలుగులో ‘వచ్చి’, ‘తిని’, ‘మరణించి’ లాంటి వాటిని క్త్వార్థకాలంటారు. ముందు పని చేసినవాడే తర్వాతి పనీ చెయ్యాలన్నది వాటి నియమం. తిని పడుకున్నాడంటే తిన్నవాడే పడుకున్నాడు. ఆ లెక్కన మావాడు మరణించి, బస్సెక్కి ఊరెళ్లి, తన కర్మకాండ ముగిసేదాకా అక్కడే ఉండిపోయాడు. ఇంత జరిగాక గడువు పొడిగించని గైడు ఎవరుంటారు?

వాడికి ఇది చెబితే ఎదురు తిరిగాడు. “వానలు కురిసి చెరువులు నిండాయి అనమా మామయ్యా? కురిసింది వాన, నిండింది చెరువు.” అడ్వొకేటు కావలసినవాడు. అక్కడ ఒకటి కారణం, రెండోది దానంతట అది జరిగిన ఫలితం. చెరువు ‘నిండుదాం’ అనుకుని నిండదు. అందుకే ‘జ్వరం వచ్చి రాయలేకపోయాను’ అన్నా ఎవరూ తప్పు పట్టరు. ఊరెళ్లడం అలా కాదు, మనిషి పూనుకుని చేసే పని. అది రాగానే వాక్యం దాన్ని చేసినవాడి కోసం వెనక్కి చూస్తుంది, అక్కడ తాతయ్య పడుకుని ఉంటాడు. ‘మరణించడంతో’ అంటే చాలు, ఎవరి పని వారిది.

తర్వాత మర్యాద. తెలుగు క్రియ ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకీ తేడా చూపదు. ‘మేడమ్ చెప్పింది, లాప్‌టాప్ పాడైంది’ అన్నప్పుడు ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టినట్టే. అమ్మ గురించి ‘చెప్పింది’ అంటే ప్రేమ, గైడు గురించి అంటే మార్కులు పోతాయి. “గారు తగిలించి, క్రియ బహువచనంలో పెట్టు” అన్నాను.

పెట్టాడు. రెండో ప్రతిలో తాతయ్యగారు పరమపదించారు, మేడమ్ గారు సెలవిచ్చారు, ఆ ఊపులో లాప్‌టాపు కూడా పాడైపోయారు. కింద ‘ఇట్లు, తమ పాదదాసుడు’ అని, తన పేరు పక్కన కూడా గారు.

ఇక చివరి వాక్యాలు. ‘దయచేసి టైమ్ ఇవ్వండి’ అన్నది ‘దయచేసి చెప్పులు బయట విడవండి’ అన్న బోర్డుకు తమ్ముడు. ఎన్ని రోజులో చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు. తేదీ లేని వినతి చదివినవారికి, ఆ తేదీ ఆలోచించే పని కూడా మన తరఫున అప్పజెప్పినట్టు. ‘అర్థం చేసుకోగలరు’ అనడంలో అభ్యర్థన ఎంతో, ఆవిడ తెలివిని అంచనా వేయడమూ అంతే. సొంత కాళ్ల మీద నిలబెడితే ‘గలరు’ ఎటు వాలుతుందో చెప్పలేం. ‘అని ఆశిస్తున్నాను’ అన్న ఊతకర్ర ఉంటే పడదు.

చివరికి ఇలా తేలింది:

“గౌరవనీయులైన మేడమ్ గారికి, నమస్కారం. ప్రాజెక్టును ఈ నెల 15లోగా సమర్పించాలని మీరు చెప్పారు. మా తాతగారు మరణించడంతో ఊరెళ్లి పదకొండు రోజులు ఉండవలసి వచ్చింది. సేకరణ పూర్తయింది, మొదటి రెండు అధ్యాయాలు జతచేస్తున్నాను. మిగిలిన వర్గీకరణ పూర్తి చేయడానికి 25వ తేదీ వరకు గడువు పొడిగించవలసిందిగా కోరుతున్నాను. ఇట్లు, మీ విద్యార్థి.”

లాప్‌టాప్‌ను నేనే తీసేశాను. ఒక చావు ఉన్న ఉత్తరంలో రెండో చావు పెడితే మొదటిదాన్ని కూడా నమ్మరు.

సాయంత్రానికే జవాబొచ్చింది. “25 వరకు కుదరదు. 22లోగా సమర్పించగలరు.”

మావాడు వెంటనే ఫోన్ చేశాడు. “మామయ్యా, సమర్పించమన్నారా, నా వల్ల అవుతుందని నమ్ముతున్నారా?”