పేజీ మాది, మా ఇష్టం

కంపెనీ పేజీలు నడిపే అడ్మిన్లు దండం పెట్టుకోవాల్సిన మూలపురుషులు ఒకరున్నారు. 2010 మార్చిలో నెస్లే ఫేస్‌బుక్ పేజీకి కాపలా కాసినవారు.

కిట్‌కాట్‌లో పడే పామాయిల్ కోసం ఇండోనేషియాలో అడవులు కొట్టేస్తున్నారని, ఒరాంగుటాన్లకు నిలువ నీడ లేకుండా పోతోందని గ్రీన్‌పీస్ ఒక వీడియో పెట్టింది. నెస్లే వారు కాపీరైట్ పేరు చెప్పి దాన్ని యూట్యూబ్‌లోంచి తీయించారు. తీయించారన్న వార్త పొక్కాక అసలు వీడియో సంగతే తెలియనివాళ్లు కూడా వెతుక్కుని మరీ చూశారు. కొందరు కిట్‌కాట్ లోగోను ‘కిల్లర్’ అని మార్చి, దాన్నే ప్రొఫైల్ బొమ్మగా పెట్టుకుని పేజీ మీదికి వచ్చిపడ్డారు.

అడ్మిన్ గారి ముందు రెండు సంగతులున్నాయి: అడవి, లోగో. వారు లోగోను ఎంచుకున్నారు. మా లోగో మార్చి పెట్టుకున్నవాళ్ల కామెంట్లు తీసేస్తాం అని చాటించారు. ఇలా మాట్లాడితే జనం దూరమవుతారని ఒకరు హితవు చెబితే, మర్యాద నేర్పినందుకు థాంక్స్, అయినా పేజీ మాది, రూల్సూ మావే అన్న ధోరణిలో జవాబిచ్చారు. నిజమే, పేజీ వాళ్లదే. పెళ్లి భోజనాలు కూడా పెళ్లివారివే. పప్పులో ఉప్పు లేదన్న ఒక్కణ్ణి విస్తరి ముందు నుంచి లేపేస్తే, మిగతా పంక్తి పప్పు గురించి మాట్లాడుతుందా, లేపిన సంగతి మాట్లాడుతుందా?

చివరికి అదే పేజీలో, కామెంట్లు తీసేయడం తప్పు, దురుసుగా మాట్లాడటమూ తప్పు, రెండూ మానేశాం అని రాయాల్సి వచ్చింది. అడవులు నరికి తెచ్చిన నూనెకు దూరంగా ఉంటామని సంస్థ మాట ఇచ్చేసరికి మే నెల వచ్చింది. లోగోకు మాత్రం జవాబు అప్పటికప్పుడే దొరికింది.

ఇక మన వీధి చివర మిఠాయి కొట్టుకు వద్దాం. పేజీ చూసేది ఓనరు గారి మేనల్లుడు అనుకుందాం. ఎక్కువ చోట్ల అతనే. రాత్రి తొమ్మిదింటికి ఒకావిడ బూజు పట్టిన పాలకోవా ఫోటో పెట్టింది. తొమ్మిదిన్నరకు, వారం కిందట షెడ్యూల్ చేసిన పోస్టు తనంతట తానే పడింది: “మా కోవా చూస్తే నోరూరుతోందా?” ఇక జనానికి పండగ. అందుకే ఫిర్యాదు కనపడగానే ముందు షెడ్యూల్ చేసిన పోస్టులన్నీ ఆపాలి. జవాబు ఆ తర్వాత.

మేనల్లుడి దగ్గర మూడు అస్త్రాలున్నాయి. ఒకటి, “మీకు అసౌకర్యం కలిగి ఉంటే చింతిస్తున్నాం.” ‘ఉంటే’ ఏమిటి నాయనా, బూజు ఫోటోలో పచ్చగా కనిపిస్తోంటే? పైగా అదే వాక్యం అందరి కిందా అతికిస్తాడు. శభాష్ అన్నవాడికీ చింతిస్తాడు. రెండోది, కొట్టులో కుర్రాళ్లందరితో ఐదు నక్షత్రాలు వేయించడం. వాళ్ల ప్రొఫైల్లో పని చేసే చోటు అని మన కొట్టు పేరే ఉంటుంది. మూడోది, కామెంటును ‘హైడ్’ చేయడం. ఇది అతనికి మహా ఇష్టం. ఎందుకంటే రాసినావిడకు, ఆమె స్నేహితులకు అది యథాతథంగా కనిపిస్తూనే ఉంటుంది. అయితే ఆమె లింకు పంపిన బయటివాడెవడో “నాకు కనపడట్లేదేంటండీ?” అంటాడు. కోవా కథ అక్కడితో ముగిసి, దాచిపెట్టిన కథ మొదలవుతుంది. తిట్టు, ఫోన్ నంబరు ఉన్న కామెంటు తీసేయొచ్చు. బూజు ఫోటో ఈ రెంటిలో దేనికిందికీ రాదు.

రాయాల్సింది నాలుగు ముక్కలే: “అమ్మా, ఫోటో చూశాం, క్షమించండి. కోవా అమ్మకం ఆపాం. డబ్బా మీది ప్యాకింగ్ తేదీ, బిల్లు మాకు మెసేజ్‌లో పంపండి. రేపు పదకొండింటికి ఏం తేలిందో ఇక్కడే చెబుతాం.” ఇందులో కారణం లేదు, ఇంకా తెలియదు కనుక. బిల్లు మాత్రం చాటున అడిగి, ఫలితం నలుగురిలో చెప్పడమే కిటుకు. ఈ జవాబు ఆవిడ ఒక్కతే చదవదు, నోరు విప్పకుండా చూసే వందలమంది చదువుతారు. చాలా కొట్లు మెసేజ్‌లో డబ్బు వాపసు ఇచ్చేసి, పేజీలో ఆ మాటే ఎత్తరు. చూసేవాళ్లకు మిగిలేది బూజే.

మర్నాడు పదకొండింటికి, ఆ సరుకున్న ఫ్రిజ్ ఒక రాత్రంతా ఆగిపోయిందని తేలితే, ఆ మాటే రాసి, ఆ సరుకు కొన్నవాళ్లందరికీ డబ్బు వెనక్కిస్తామనాలి. ఒకవేళ ఆవిడే డబ్బాను పది రోజులు బయట పెట్టిందనుకోండి. తేదీ చెప్పి, ఎన్నాళ్లు నిలవుంటుందో చెప్పి, డబ్బాల మీద ఇకనుంచి పెద్దక్షరాల్లో వేస్తామంటే చాలు. గెలిచాం అన్నట్టు ఒక్క స్మైలీ పెట్టారా, బూజు మళ్లీ మీదే.

ఇంత చేసినా చల్లారనివాళ్లు ఉంటారు. రెండు జవాబుల తర్వాత కూడా అలాంటివాడెవడైనా కోవా వదిలి మీ వంశం దాకా పోతే, మేనల్లుడికి మూడోది రాయాలని వేళ్లు దురద పెడతాయి. ఆ పూట ఫోన్ గల్లాపెట్టెలో పెట్టి, తాళం అత్తయ్యకి ఇవ్వండి.