హైదరాబాదులో ఓనరు, నందిగామలో కొట్టు

మన ఓనరు గారు సోమవారం నుంచి శుక్రవారం దాకా గచ్చిబౌలిలో టీమ్ లీడు. శనివారం పొద్దున పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు మూడూ దాటేసరికి నందిగామ షావుకారు. కారు దిగగానే నడక మారుతుంది. ఆఫీసులో పై మేనేజరు ముందు నిలబడి మాట్లాడే మనిషి ఇక్కడ కుర్చీలో వెనక్కి వాలి, తన సొంత మేనేజరుతో "ఏంటి సంగతులు?" అంటాడు. వారమంతా తనను ఎవరో అడిగిన ప్రశ్నే అది. ఒక్కరోజైనా తాను అడగడం కోసం ముప్పై లక్షలు పెట్టాడు.

ఈ జాతి మనుషులు ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్టలో, అంటే జగ్గయ్యపేట, నందిగామ వైపు, 2020 తర్వాత బాగా పెరిగారు. కరోనా రోజుల్లో లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఊరికి వచ్చిన కుర్రాళ్ళకు లోకమంతా షట్టర్లు దించేసినా తెరిచి ఉన్న కొట్టు ఒకటి కనపడింది. అది ఎరువులు, పురుగుమందుల కొట్టు. వ్యవసాయానికి లాక్‌డౌన్ సడలింపు ఉండటంతో దాని ముందు ఎప్పుడూ జనమే. బ్యాంకు డిపాజిట్ మీద ఐదున్నర శాతం వడ్డీ వస్తున్న కాలం. మన ఓనరు గారు అరుగు మీద కూర్చుని ఎక్సెల్ తెరిచాడు. "రోజుకి ఇంతమంది రైతులు, మనిషికి ఇంత" అని గుణించాడు. వచ్చిన అంకె చూసి ఆయనకే సిగ్గేసి సగానికి తగ్గించుకున్నాడు. సగం కూడా తన జీతమంత ఉంది.

"మరి కొట్లో ఎవరు కూర్చుంటారు?" అని వాళ్ళావిడ అడిగింది.

"మేనేజర్ని పెడతాం. మన పని పైనుంచి చూసుకోవడమే."

ఉద్యోగంలో ఉన్నవాడికి వ్యాపారం అంటే పైనుంచి చూసుకోవడమే.

లైసెన్సు దగ్గర మొదటి దెబ్బ తగిలింది. పురుగుమందులు అమ్మాలంటే వ్యవసాయ శాస్త్రమో, రసాయన శాస్త్రం లాంటిదో చదివి ఉండాలి. లేదంటే డీలర్ల కోసం హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో మొదలుపెట్టిన ఏడాది డిప్లొమా, అదే దేశీ కోర్సు, చేసి ఉండాలి. యజమానికి ఆ చదువు లేకపోతే అది ఉన్న మనిషిని పనిలో పెట్టుకోవచ్చు. ఓనరు గారిది కంప్యూటర్ చదువు. పైగా కంపెనీ హెచ్.ఆర్. వాళ్ళకు తెలియకూడదని కొట్టు నాన్నగారి పేరున తీశాడు. నాన్నగారిది ఎనిమిదో తరగతి. అందుకని వరసకు తమ్ముడయ్యే బీఎస్సీ అగ్రికల్చర్ కుర్రాడు మేనేజరుగా వచ్చాడు. అతని సర్టిఫికెట్ లేకపోతే లైసెన్సు లేదు. లైసెన్సు లేకపోతే షట్టరు లేవదు. ఈ సంగతి ఓనరు గారికి అర్థమవడానికి ఏడాది పట్టింది. తమ్ముడికి మొదటి రోజే అర్థమైంది. అందుకే అతను జీతం పెంపు మాట ఎప్పుడూ జూన్‌లోనే ఎత్తుతాడు, సరిగ్గా పత్తి గింజలు భూమిలో పడే వేళకు.

తర్వాత కెమెరాలు వచ్చాయి. నాలుగు కెమెరాలు, నాలుగూ ఫోన్లోకే. మీటింగులో ఎవరో స్లైడ్లు చూపిస్తుంటే ఓనరు గారు బల్ల కింద కొట్టును చూస్తాడు. మధ్యాహ్నం పనికుర్రాడు యూరియా కట్టల మీద వాలి కునుకు తీస్తే గచ్చిబౌలి నుంచి ఫోన్ మోగుతుంది. కుర్రాడు ఉలిక్కిపడి లేస్తాడు. ఆ రోజు తాను వ్యాపారం అదుపులో పెట్టానన్న తృప్తితో ఓనరు గారు ఇంటికి వెళతాడు. ఆయన పట్టుకున్న దొంగతనం ఇన్నేళ్ళలో ఇదొక్కటే, కుర్రాడి నిద్ర. కెమెరాలో మనుషులు కనపడతారు, ఖాతా పుస్తకం కనపడదు. ఈ వ్యాపారంలో డబ్బు పోయేది గల్లాపెట్టె లోంచి కాదు, ఖాతా పుస్తకం లోంచి.

ఎందుకంటే ఇక్కడి కొట్టు చాలావరకు అరువు మీదే నడుస్తుంది. రైతు జూన్, జూలైల్లో పత్తికి, ఆగస్టు, సెప్టెంబరుల్లో మిరపకు మందులు పట్టుకెళతాడు. పత్తి తీసి అమ్ముకున్నాక కొంత, మిరపకాయలు కల్లంలో ఎండి గుంటూరు యార్డుకు వెళ్ళాక మిగతాది కడతాడు. అంటే ఓనరు గారి డబ్బు ఆరు నెలలో, ఎనిమిది నెలలో పొలాల్లో ఉంటుంది. ఎవరికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో, ఎవరి దగ్గర ఆపాలో చెప్పగలిగినవాడు ఆ ఊళ్ళ సంగతి తెలిసినవాడు. అంటే మేనేజరే. ముప్పై లక్షల ఆసామి శనివారం వచ్చి చూసేది గల్లాపెట్టె. పద్నాలుగు లక్షల బాకీ ఎవరి దగ్గర పడి ఉందో ఆయనకు పేర్లుగానే తెలుసు, మొహాలు తెలియవు.

కొట్టు తీసిన సంవత్సరమే, 2021లో, మిరప మీద నల్ల తామర పురుగు పడింది. పూతలోకి చేరి పిందె నిలవనివ్వలేదు. ఏ మందు కొట్టినా లొంగలేదు. రైతు మందు మార్చి మందు కొట్టాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. అమ్మకాలు ఓనరు గారి ఎక్సెల్‌ను దాటిపోయాయి. రాత్రి ఫోన్లో లెక్క చూసుకుని ఆయన ఉద్యోగం మానేసే ఆలోచన కూడా చేశాడు.

"అరువు ఎక్కువ పోతోందేమో చూడరా," అని ఒక మాట అన్నాడు, ముందుజాగ్రత్తగా.

"రైతు కష్టంలో ఉన్నాడు అన్నయ్యా. ఇప్పుడు మందివ్వకపోతే వచ్చే ఏడు మన గడప తొక్కడు."

ఆ మాట అబద్ధం కాదు. అయితే తమ్ముడికి అమ్మకం మీద కమిషనుంది, వసూలు మీద లేదు. అమ్మకం ఎంత పెరిగితే అతనికంత లాభం. బాకీ మునిగితే నష్టం అన్నయ్యది. ఆ ఒప్పందం రాసింది కూడా అన్నయ్యే, ఆఫీసులో సేల్స్ వాళ్ళకు అలాగే ఇస్తారని. మందుల కంపెనీ వాళ్ళకు ఆ ఏడు టార్గెట్ దాటిన డీలరుగా కొట్టు పేరు వెళ్ళింది. బహుమతిగా గోవా టూరు వచ్చింది. ఓనరు గారికి ఆ వారం ప్రాజెక్టు రిలీజు. నాన్నగారు సముద్రం వద్దన్నారు. గోవా వెళ్ళింది మేనేజరు. సముద్రం ఒడ్డున టోపీ పెట్టుకున్న ఫోటో పెట్టి కింద "అంతా మా అన్నయ్య దయ" అని రాశాడు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

మార్చి వచ్చేసరికి కల్లాల్లో కాయ లేదు. పురుగు తిన్న ఏడాదే మందు ఎక్కువ అమ్ముడవుతుంది, మందు ఎక్కువ అమ్ముడైన ఏడాదే బాకీ వసూలు కాదు. పాత షావుకార్లకు ఇది తెలుసు. వాళ్ళు పొలం గట్టు మీద నిలబడి పూత చూసి అరువు ఆపుతారు. మన ఓనరు గారు డాష్‌బోర్డు చూసి సరుకు పంపించాడు.

ఆ వేసవిలో కంపెనీ ఆఫీసుకు రమ్మంది. 2022 ఏప్రిల్ 4న నందిగామ కూడా కృష్ణా జిల్లా లోంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళిపోయింది. బోర్డు మీద జిల్లా పేరు మార్పించిన తర్వాత ఓనరు గారు మొదటిసారి కూర్చుని లెక్క చూసుకున్నాడు. ఇలాంటి కొట్టుకు మామూలు ఏడాది లెక్క ఎలా ఉంటుందో చూద్దాం.

అమ్మకం తొంభై లక్షలు అనుకోండి. అందులో యాభై లక్షలు ఎరువులు. యూరియా 45 కిలోల కట్ట ధర ప్రభుత్వం కట్టేసిన 266 రూపాయల 50 పైసలు. అందులో డీలరుకు మిగిలేదే తక్కువ, లారీ, హమాలీ ఖర్చు పోను మరీ తక్కువ. ఎరువుల మీద నూటికి మూడు వేసుకుంటే లక్షన్నర. మిగతా నలభై లక్షల మందులు, విత్తనాల మీద నూటికి పద్నాలుగు చొప్పున ఐదు లక్షల అరవై వేలు. మొత్తం ఏడు లక్షల పది వేలు. ఖర్చుల్లో అద్దె ఏడాదికి 1,44,000, మేనేజరు జీతం 2,64,000, కుర్రాడి జీతం 1,20,000. కరెంటు, ఆడిటరు, వగైరా 60,000. అన్నీ పోను మిగిలేది లక్షా ఇరవై రెండు వేలు. ఆయన వెక్కిరించిన ఐదున్నర శాతం బ్యాంకులో ముప్పై లక్షల మీద లక్షా అరవై ఐదు వేలు వచ్చేది. పద్నాలుగు లక్షల బాకీలో పదో వంతు మునిగితే చేతి నుంచి ఎదురు పెట్టుకోవాలి. మేనేజరు కమిషన్ ఇంకా లెక్కలో వేయలేదు.

అయితే పక్క కొట్టు ఆయన అంతే సరుకు అమ్మి ఇల్లెలా కట్టాడని ఓనరు గారి అనుమానం. జవాబు పై లెక్కలోనే ఉంది. పక్క కొట్టాయన తానే కూర్చుంటాడు. ఆ రెండు లక్షల అరవై నాలుగు వేలూ ఆయన ఇంటికే వెళతాయి. చిన్న కొట్టులో లాభం అని మనం పిలిచేదాంట్లో ఎక్కువ భాగం యజమాని కూర్చున్నందుకు వచ్చే కూలి. ఆ కూలి ఇంకొకరికి ఇచ్చేశాక లాభం వెతుక్కోవడమే ఓనరు గారి శనివారం కార్యక్రమం.

అసలు గుట్టు బయటపడింది కెమెరాతో కాదు, వాళ్ళావిడతో. ఒక ఆదివారం ఆమె ఖాతా పుస్తకం ముందేసుకుని పదిమంది రైతులకు ఫోన్ చేసింది. "నమస్తే బాబాయ్, మీ బాకీ ముప్పై రెండు వేలు ఉందండీ, సరిపోయిందా?" అని మాత్రం అడిగింది. ఏడుగురు సరిపోయిందన్నారు. ఒకాయన కొడుకు పేరు మీద రాయమన్నారు. ఇద్దరు మాత్రం, "సంక్రాంతికే కట్టేశాం కదమ్మా, ఆ అబ్బాయి ఫోన్‌కే కొట్టాం," అన్నారు. గోడ మీద అతికించిన స్కానరు కొట్టుదే, కౌంటరు మీద పెట్టింది మాత్రం తమ్ముడి సొంతది. ఆ తర్వాత ఈ-పాస్ యంత్రంలో ఉన్న యూరియా నిల్వను గోడౌన్లో కట్టలతో సరిచూస్తే అదీ కలవలేదు. రద్దీలో వేలిముద్ర వేయించకుండా ఇచ్చేసినవట. ఆ తేడా వ్యవసాయాధికారి కంట పడితే కేసు నాన్నగారి పేరున పడుతుంది.

తమ్ముణ్ణి తీసేశారా? తీసేస్తే లైసెన్సు? ఇంకో సర్టిఫికెట్ దొరికేదాకా అతను కుర్చీలోనే ఉన్నాడు. ఒప్పందం మాత్రం మారింది. ఇప్పుడు కమిషన్ వసూలైన డబ్బు మీదే. కౌంటరు మీద ఒకే స్కానరు. పాతిక వేలు దాటిన అరువుకు వాళ్ళావిడ ఫోన్లో సరే అనాలి. నెలకోసారి పదిమంది రైతులకు ఫోన్ ఆమే చేస్తుంది, ఎవరికి చేస్తుందో ముందు చెప్పదు. ఓనరు గారు మాత్రం నిర్వహణ బాధ్యత భార్యకు అప్పగించి, కెమెరాలు చూసే పని తన దగ్గర ఉంచుకున్నాడు.

మెట్టలో కొట్టు పెట్టాలని డబ్బు చేతిలో పట్టుకుని చూస్తున్న ఉద్యోగస్తులకు ఒక మాట. లాభం లెక్క వేసేముందు మేనేజరు జీతం, నూటికి పది బాకీ మునక తీసేయండి. మిగిలింది బ్యాంకు వడ్డీ కంటే తక్కువైతే బ్యాంకుకే వెళ్ళండి. ఎక్కువైతే కొట్టు పెట్టండి, కానీ అరువు మీద సంతకం మాత్రం ఇంకొకరికి ఇవ్వకండి.