భోజనం చేశాకే కొలత

అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, అన్ని ఫ్లాట్ల వారికి చోడవరం బజారులోని టైలరింగ్ బుటీక్ యజమానురాలు నమస్కరించి రాయునది.

లిఫ్టు మరమ్మతు, నీళ్ల మోటారు, మెయింటెనెన్సు బకాయిలు వదిలేసి సంఘం జాకెట్ల గురించి మాట్లాడుకోవడమేమిటని మీలో కొందరు అనుకుంటారు. మాట్లాడుకోవలసిందేనని నా వాదన. మీ ప్రతి ఇంట్లోనూ బీరువా అడుగు అరలో ఒక మూట ఉంటుంది. చంక దగ్గర పట్టేసే జాకెట్టు, హుక్కు అందని పట్టు బ్లౌజు, మడమ కింద పడి నలిగే ప్యాంటు, పిల్ల పొడుగైపోతే పొట్టిదైపోయిన పరికిణీ అందులో ఉంటాయి. వాటిలో ఏదీ చిరగలేదు, వెలిసిపోలేదు. ఒక్కోదానికీ పావుగంట పని చాలు. కానీ ఆ పావుగంట పని కోసం మీరు చీర మార్చుకుని, ఆటో ఎక్కి, బజారుకొచ్చి, నా షాపులో తెర వెనకాల వేసుకుని చూపించి వెళ్లాలి. తీసుకెళ్లడానికి మళ్లీ రావాలి. అందుకే ఎవరూ రారు, మూట పెరుగుతుంది. ఇన్నాళ్లూ దీన్ని మీ బద్ధకమని నేనూ, నా నిర్లక్ష్యమని మీరూ అనుకుంటూ వచ్చాం. రెండూ కావు. ఆల్టరేషన్‌లో ఆగిపోయేది కుట్టు కాదు, ట్రయల్. కుట్టు నా షాపులోనే జరగాలి, ట్రయల్ మీ ఇంట్లో జరగాలి. నేను మీ గుమ్మం దాకా మోసుకొచ్చేది టేపు, సుద్ద, గుండుసూదులు, రెండు కళ్లు. మిషను కాదు.

ఇంట్లోనే ఎందుకంటే, షాపులో నిలబడే మనిషి ఇంట్లో ఉండే మనిషి కాదు. టేపు కనబడగానే ఆడవాళ్లు ఊపిరి బిగబడతారు, మగవాళ్లు పొట్ట లోపలికి లాగేస్తారు. ఆ కొలతతో కుట్టిన బట్ట, ఊపిరి తీసుకోని మనిషికి చక్కగా సరిపోతుంది. పైగా షాపుకి జనం పొద్దున్న పనులయ్యాక, భోజనానికి ముందు వస్తారు. పట్టు జాకెట్టు వేసుకునేది మాత్రం పెళ్లిలో, బంతిలో కూర్చుని పులిహోర, గారెలు, మాడుగుల హల్వా తినేటప్పుడు. అందుకే మీ ఇంటికి మధ్యాహ్నం భోజనాలయ్యాకే వస్తానంటున్నాను. ఆ వేళ తీసిన నడుము కొలతే పెళ్లిలో నిలబడుతుంది. ప్యాంటు సంగతి చెప్పుకోవాలంటే, పొడవు తగ్గించమని అడిగే పెద్దమనిషి చెప్పులు విప్పేసి నిలబడి, నేను గుర్తు పెట్టబోతుంటే సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుందామని ముందుకు వంగుతాడు. వంగగానే ప్యాంటు వెనక నుంచి పైకి లేస్తుంది. ఆ క్షణంలో గీసిన గీత మీద కత్తిరిస్తే, ఆఫీసులో బూట్లు వేసుకుని నిటారుగా నిలబడినప్పుడు వెనక అంచు మడమ మీదికి జారిపోతుంది. ఇంట్లో అయితే ఏ బూట్లకు ఏ ప్యాంటో అక్కడికక్కడే వేసుకుని, ఎదురుగా ఉన్న గోడ గడియారాన్ని చూస్తూ నిలబడొచ్చు. జీన్సు అయితే కొత్తది ఒకసారి ఉతికాకే ఇవ్వండి. కత్తిరించాక అది కుంచించుకుపోతే దాన్ని పొడుగు చేసే విద్య చోడవరంలోనే కాదు, ఎక్కడా లేదు.

ఇక జాకెట్టు. ఎక్కువ గొడవ దీని దగ్గరే కాబట్టి లెక్క మొత్తం చెబుతాను. 36 అంగుళాలకు కుట్టిన లైనింగ్ జాకెట్టు ఉందనుకోండి, ఇప్పుడు 38 కావాలి. జాకెట్టు తిరగేసి పక్క కుట్టు చూడండి. కుట్టుకి అవతల ఎంత గుడ్డ మిగిలిందో అదే మార్జిన్. ముందు ముక్కకీ వెనక ముక్కకీ అంగుళం చొప్పున వదిలి ఉంటే, రెండు పక్కలా కలిపి నాలుగు అంచులు దొరుకుతాయి. ఒక్కో అంచు నుంచి అరంగుళం తీసుకుంటే మొత్తం రెండు అంగుళాలు వచ్చేస్తాయి, ఇంకో అరంగుళం లోపల మిగులుతుంది. మరుసటి సంవత్సరం దేవుడి దయ. అయితే పక్క కుట్టు చంక దగ్గర ఆగదు, చేతి కింద కుట్టులోకి పోతుంది. చేతిలో మార్జిన్ లేకుండా ఒళ్లు మాత్రమే వదులు చేస్తే రెండూ కలిసే చోట గుడ్డ గుంజుకుపోయి చెయ్యెత్తనివ్వదు. అందుకే పక్కతోపాటు చెయ్యి కూడా విప్పి చూస్తాను. ఇంకో మాట. జాకెట్టు వేసుకున్నాక హుక్కుల నుంచి అడ్డంగా ముడతలు పోతుంటే చాతీ దగ్గర బిగువు, పక్కలు విప్పితే సరిపోతుంది. చంక నుంచి ఏటవాలుగా ముడతలు పడితే తప్పు చంక కోతలో ఉంది, పక్కలు ఎంత విప్పినా పోదు. కింద అంచు లోపలికి ముడుచుకుంటుంటే లైనింగ్‌ని కుట్టేముందు తడిపి ఆరబెట్టలేదని అర్థం. అది మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి పై గుడ్డను లోపలికి లాగేస్తోంది. ఈ మూడు రకాల ముడతలూ ఒంటి మీదే కనబడతాయి. సంచిలో పెట్టి వాచ్‌మన్ చేతికిచ్చి పంపిస్తే కనబడవు. వెంట ఆది జాకెట్టు పంపినా ఉపయోగం లేదు, అదీ అదే బీరువాలో అదే బిగువుతో ఉంటుంది కదా.

చేయలేనివి ముందే చెప్పేయడం మంచిది. రెడీమేడ్ కుర్తీ లోపల ఓవర్‌లాక్ దారం పక్కనే గుడ్డ అయిపోతుంది. దాన్ని బిగించగలను గానీ వదులు చేయలేను. మగవాళ్ల ఫార్మల్ ప్యాంటులో వెనక మధ్య కుట్టులో సాధారణంగా కాస్త గుడ్డ దాచి ఉంచుతారు, నడుము ఆ మేరకు పెంచొచ్చు. జీన్సులో ఆ దయ లేదు. పట్టు విప్పితే పాత కుట్టు సూది గుచ్చిన చుక్కలు వరసగా మిగిలిపోతాయి. నూలు గుడ్డయితే ఉతికి ఇస్త్రీ చేస్తే చాలావరకు మూసుకుపోతాయి, పట్టుకి ఆ అదృష్టం లేదు. పైగా ఎండకీ ఉతుకుడుకీ వెలిసిన గుడ్డ పక్కన లోపల దాక్కున్న గుడ్డ ముదురు రంగుతో గీతలా కనబడుతుంది. ఇది చెయ్యి కిందకి వస్తే ఫర్వాలేదు, చెయ్యి దించుకుంటే సరి. ఎక్కడికి వస్తుందో పిన్ను పెట్టినప్పుడే చూపిస్తాను, ఒప్పుకుంటేనే విప్పుతాను.

ఇప్పుడు మీ అభ్యంతరాలు. మొదటిది, టైలర్ల నోట వచ్చే 'రేపు'. దీనికి మీరు నన్ను ఏమన్నా పడాల్సిందే, కానీ కారణం వినండి. కొత్త జాకెట్టుకి ముహూర్తం ఉంటుంది, ఆల్టరేషన్‌కి ఉండదు. కాబట్టి షాపులో అది ఎప్పుడూ గుట్ట అడుగుకే పోతుంది. ఒక్క జాకెట్టు పక్క కుట్టు కోసం మిషనులో దారం మార్చాలి, సూది మార్చాలి, పని ముగిశాక మళ్లీ పాత దారం ఎక్కించాలి. కుట్టు కన్నా ఏర్పాటుకే ఎక్కువ సేపు పడుతుంది. అదే ఒక అపార్ట్‌మెంట్ బట్టలన్నీ ఒకే రోజు వస్తే ఎర్ర దారంవి ఒకసారి, నల్ల దారంవి ఒకసారి, జీన్సులన్నీ దళసరి సూదితో ఒకసారి కూర్చుని తేల్చేయొచ్చు. అందుకే గురువారం తీసుకుని ఆదివారం సాయంత్రం అందజేస్తానని మాటిస్తున్నాను. మాఘంలో, శ్రావణంలో, సంక్రాంతి ముందు రెండు వారాలు మాత్రం ఈ మాట చెల్లదు. ఆ రోజుల్లో ఇచ్చే మాటలకు విలువ ఉండదని మీకూ తెలుసు.

రెండో అభ్యంతరం, ఇంట్లోకి ఎవరొస్తారన్నది. కటింగ్ మాస్టారు రాడు. నేనూ, నాతో ఒక అమ్మాయి వస్తాం. ప్యాంటుల వాళ్లు వరండాలో నిలబడితే చాలు, అసలు మగవాళ్ల కొలతల్లో దాచుకోవలసిన రహస్యాలేమీ లేవు, పొట్ట తప్ప. బట్టలు తారుమారైపోతాయంటారా? ప్రతి బట్ట లోపలా ఫ్లాటు నంబరు రాసిన చిన్న గుడ్డ ముక్క టాకా వేసి, చీటీ ఒకటి మీకు, ఒకటి నాకు ఉంచుతాను. కాగితం పిన్ను చేస్తే ఇస్త్రీ దగ్గరే ఊడిపోతుంది. మూడోది, దీన్ని కొందరు పైకి అనరు: ఆల్టరేషన్ నెపంతో వచ్చి కొత్త బట్టలకు ఆర్డర్లు పట్టుకుపోతుందని. నిజమే, పట్టుకుపోతాను. కానీ ముందు మీ పాత జాకెట్టు లోపలి మార్జిన్ చూస్తాను కాబట్టి, మీరు వేరేచోట కుట్టించుకున్నదయితే ఆ దర్జీ ఎంత గుడ్డ మిగిల్చాడో, ఎంత మింగేశాడో మీ కళ్ల ముందే తేలిపోతుంది. ఈ పరీక్షకి నా షాపులో కుట్టిన బట్టలు కూడా లొంగాల్సిందే. అలా గుడ్డ మింగేసినది నాది దొరికితే పని ఉచితం.

నాలుగోది, వయసుమళ్లిన గుడ్డ మీద డబ్బెందుకు, కొత్తది కుట్టించుకుంటే పోదా అన్నది. ఇది వినడానికి నాకు కమ్మగానే ఉంటుంది, అయినా ఒప్పుకోను. 2022 ఏప్రిల్ 4న ప్రభుత్వం 13 జిల్లాలను 26 చేసింది. అందుకోసం కొత్తగా నేల కొనలేదు, ఉన్నదాన్నే విప్పి మళ్లీ కుట్టింది. చోడవరం ఉన్నచోట ఉండగానే విశాఖపట్నం జిల్లా పోయి అనకాపల్లి జిల్లా వచ్చింది. (ఈ కాగితం మీద పాత జిల్లా పేరే ఉంటే మన్నించండి. లెటర్‌హెడ్లు ఇంకో కట్ట మిగిలాయి, పారేయడానికి మనసొప్పలేదు.) రాష్ట్రానికి పనికొచ్చిన పద్ధతి మీ పెళ్లి పట్టు జాకెట్టుకి పనికిరాదా? చీర బాగానే ఉండి జాకెట్టు మాత్రం పట్టకపోతే, ఆ చీరకి జోడీ అయిన అంచు గుడ్డ మళ్లీ దొరకదు. విడిగా కొన్న గుడ్డ ఎంత ఖరీదైనా పక్కన నిలబడితే వేరే ఇంటి పిల్లలాగే ఉంటుంది.

ధరల దగ్గర బేరం ఉంటుందని తెలుసు కాబట్టి బేరానికి మార్జిన్ వదలకుండానే రాస్తున్నాను. ప్యాంటు పొడవు 60 రూపాయలు, లైనింగ్ లేని జాకెట్టు పక్కలు 50, లైనింగ్‌ది 90, చేతులు విప్పాల్సి వస్తే ఇంకో 40. ఊడిన హుక్కులు, తెగిన కాజాలు మీ గుమ్మంలోనే అప్పటికప్పుడు కుట్టేస్తాం, వాటికి డబ్బు తీసుకోం. గుమ్మం చార్జీ లేదు, కానీ ఒక గురువారం అపార్ట్‌మెంట్ మొత్తం మీద పది బట్టలైనా లేకపోతే ఆ వారం రాను. సంఘం ఒప్పుకుంటే వచ్చే గురువారం మధ్యాహ్నం రెండున్నరకి కింది అంతస్తు నుంచి మొదలుపెడతాను. ఆ పూట దయచేసి ఎవరూ ఉపవాసం ఉండొద్దు.

కార్యదర్శి గారికి ప్రత్యేకంగా: నోటీసు అంటించడానికి చెయ్యెత్తినప్పుడు మీ తెల్ల చొక్కా కుడి చంక కుట్టు రెండు అంగుళాల మేర విడిపోయి ఉండటం రోడ్డు మీదికే కనబడుతోంది. ఈ ఉత్తరం అంటించే ముందు దాన్ని పంపించండి.