కరెంటు ఉంది

అరకు స్టేషను దాటాక, పట్టాల పక్కనే ఆ ఇల్లు. ముందు భాగంలో కుటుంబం ఉంటుంది. వెనక మూడు గదులు పర్యాటకులకు. చలికాలమే అసలు బేరం. వచ్చినవాళ్లు మొదట అడిగేది వేడినీళ్లు, తర్వాత వైఫై. బొర్రా గుహలకు దారి అడిగేది ఆ రెండూ తేలాకే.

అందుకే ఇంటాయన ఫైబరు కనెక్షను పెట్టించాడు. కరెంటు స్తంభాలు పట్టుకుని ఘాట్‌రోడ్డు ఎక్కి వచ్చిన తీగ అది. వీధి చివరి స్తంభం మీద పెట్టెలో పాయలుగా చీలి, ఒక పాయ కిటికీ సందులోంచి హాల్లోకి వచ్చి, టీవీ బల్ల మీదున్న తెల్ల పెట్టెలో దూరుతుంది. పెట్టె ముందు వరసగా దీపాలు. వెనక ఒక నల్ల అడాప్టరు. బల్ల వెనక గోడకున్న ప్లగ్గుల బోర్డులో దాన్ని గుచ్చారు.

మొదటి ఏడాది వానల్లో అనంతగిరి వైపు చెట్టు విరిగి తీగ మీద పడింది. పెట్టె మీద ఎర్ర దీపం మిణుకుమంది. తీగ అతికేదాకా నాలుగు రోజులు పట్టింది. ఎర్ర దీపం వెలిగితే దారిలో ఎక్కడో వెలుగు ఆగిందని, అది కంపెనీ పనేనని ఆ నాలుగు రోజుల్లో ఇంటిల్లిపాదీ నేర్చుకున్నారు. కొండదారిలో ఆ మాత్రం అనుమానం అన్యాయమేమీ కాదు.

మొన్నటి వానాకాలం దోమలు ఎక్కువయ్యాయి. ఇంటాయన దోమల మందు మిషను కొనుక్కొచ్చి తానే బిగించాడు. బోర్డులో పై రంధ్రం గట్టిది, దాన్ని మిషనుకిచ్చాడు. అక్కడున్న అడాప్టరును కింది రంధ్రంలోకి మార్చాడు.

నవంబరులో నెట్టు పోవడం మొదలైంది. పోతుంది, రెండు మూడు నిమిషాలకు దానంతటదే వస్తుంది. రాత్రి మూడుసార్లు, తెల్లారగట్ల ఒకసారి. అతిథులు తలుపు తట్టేవారు. ఇంటాయన లేచి హాల్లోకి వచ్చేసరికి దీపాలు మళ్లీ వెలుగుతుండేవి.

“డబ్బులు పూర్తిగా తీసుకుంటారు, నెట్టు ముక్కలు ముక్కలుగా ఇస్తారు” అన్నాడు.

“సీజన్లో హోటళ్లకు మళ్లిస్తున్నారేమోనండీ” అంది భార్య.

మామ్మ మాత్రం వేరే మాట అంది. ఆవిడకు రాత్రి నిద్ర పట్టదు. “గూడ్సు ఎల్లినప్పుడల్లా పోతోందిరా” అంది.

ఆ లైను 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి వేసినది. పగలు అద్దాల పెట్టెల్లో పర్యాటకులు వస్తారు గానీ, దాని అసలు సరుకు ఖనిజమే. నిండు గూడ్సు దిగుతుంటే ఆ ఇంట్లో అలమర మీది స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు కాబట్టి ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోరు.

మామ్మ మాట విని ఇంటాయన రెండు రోజులు లెక్క చూశాడు. నిజమే. గూడ్సు వెళ్తే నెట్టు పోతోంది. ప్రతిసారీ కాదు గానీ, పోయినప్పుడు మాత్రం గూడ్సు ఉంది.

“తెలిసింది” అన్నాడు. “ఇంజన్లు కరెంటువి. పైనున్న తీగలో ఇరవై అయిదు వేల వోల్టులు. వీళ్ల తీగ పట్టాల పక్క నుంచి లాగారు. ఆ కరెంటు దీన్ని చెడగొడుతోంది. చవక తీగ వేశారు.”

ఫైబరు తీగలో ఉండేది గాజు. అందులో నడిచేది వెలుగు. ఎన్ని వేల వోల్టులు పక్కనున్నా దానికి పట్టదు. ఈ మాట మర్నాడు వచ్చిన లైను కుర్రాడు చెప్పాడు. స్తంభం ఎక్కి మీటరు పెట్టాడు. ఇంట్లోకొచ్చి, పెట్టెలోంచి తీగ కొస ఊడదీసి మళ్లీ మీటరు పెట్టాడు. మైనస్ ఇరవై ఒకటి. మైనస్ ఇరవై ఏడు దాకా ఆ పెట్టె పనిచేస్తుంది, కాబట్టి వెలుగుకు లోటు లేదు. తీగ మళ్లీ గుచ్చాడు. దీపాలన్నీ ఆకుపచ్చగా వెలిగాయి.

“లైను బాగానే ఉంది సార్. ఇప్పుడు వస్తోంది కదా?”

“ఇప్పుడు వస్తుంది. నువ్వెళ్లాక పోతుంది.”

కుర్రాడు వెళ్లాడు. గూడ్సు వచ్చింది. నెట్టు పోయింది.

ఇంటాయన కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాడు. పాట విన్నాక ఒకమ్మాయి పలికింది.

“ఎల్ఓఎస్ అన్న చోట ఎర్ర లైటు వెలుగుతోందా సార్?”

ఆయన పెట్టె వైపు చూశాడు. “లేదు.”

“పాన్ అన్న చోట గ్రీన్ లైటు ఉందా సార్?”

“లేదు.”

“పవర్ ఉందా సార్?”

ఆయన తలెత్తి ట్యూబులైటు చూశాడు. “భేషుగ్గా ఉంది.”

“అయితే టికెట్ రైజ్ చేస్తున్నాను సార్” అంది ఆ అమ్మాయి.

రెండు వారాలు అలా గడిచాయి. డిసెంబరులో హైదరాబాదు నుంచి ఒక జంట వచ్చింది. అయిదు రోజులకు గది తీసుకున్నారు. కొండ చూస్తూ ఆఫీసు పని చేసుకుంటామన్నారు. రెండో రోజు పొద్దున్న ఆరింటికి పోయిన నెట్టు మూడు నిమిషాలకు రాలేదు, మూడు గంటలకూ రాలేదు. భార్యాభర్తలు మర్యాదగానే పెట్టె సర్దుకుని, మిగిలిన రోజుల డబ్బు వెనక్కి అడిగి వెళ్లిపోయారు.

ఇంటాయన చొక్కా మార్చుకుని బండి తీశాడు.

కంపెనీ ఆఫీసంటే బజారులో ఒక గది. కంప్యూటరు ముందు ఒక కుర్రాడు. ఇంటాయన చెప్పాల్సింది నిలబడే చెప్పాడు. తీగ గురించి, రైలింజను గురించి, పోయిన బేరం గురించి. కుర్రాడు అడ్డు రాలేదు. కనెక్షను నెంబరు కొట్టి తెర ఇటు తిప్పాడు. నెంబరు పక్కన తేదీలు, వేళలు. ప్రతి వేళ పక్కనా ఒకటే మాట: Dying Gasp.

“తీగ తెగితే ఇక్కడ LOS అని పడుతుంది సార్. మీది ఒక్కసారి కూడా అలా పడలేదు. పెట్టెకు కరెంటు అందకపోతే, పూర్తిగా ఆరిపోయే లోపల మాకొక కబురు పంపుతుంది. ఆ కబురే ఇది. మీ ఇంట్లోనే కరెంటు పోతోంది.”

“మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది.”

“అయినా ఒకసారి…”

ఇంటాయన మాట పూర్తి కానివ్వలేదు. ఫోన్ తీసి, స్పీకరు పెట్టి, భార్యకు చేశాడు.

“ఇంట్లో కరెంటు ఉందా?”

“ఉందండీ. గ్రైండరు తిరుగుతోంది, వినపడట్లా?”

గదిలో అందరికీ వినపడింది. బిల్లు కట్టడానికి వచ్చిన ఇద్దరు ఇంటాయన వైపు తిరిగి తలూపారు. అందులో ఒకాయన, “మాకూ అంతేనండీ, ఏదడిగినా మా ఇంట్లోనే తప్పంటారు” అన్నాడు.

ఆ సమయంలో ఇంట్లో పిల్ల టీవీ బల్ల కింద ఉంది. నాలుగో తరగతి. దొర్లిపోయిన రబ్బరు కోసం దూరింది. బోర్లా పడుకుని గోడ దాకా పాకితే బోర్డు కనిపించింది. దోమల మందు మిషను పై రంధ్రంలో నిటారుగా ఉంది. అడాప్టరు కింది రంధ్రంలోంచి ముందుకు వాలి, దాని తీగ పట్టుకుని వేలాడినట్టుంది. రెండు పిన్నులూ సగం బయటకు వచ్చేశాయి.

పిల్ల దాన్ని లోపలికి నెట్టింది. పైన బల్ల మీద దీపాలు వెలగడం మొదలుపెట్టాయి. రబ్బరు తీసుకుని బయటికి రాబోతుండగా గూడ్సు వచ్చింది. గ్లాసులు గలగలమన్నాయి. గోడ సన్నగా అదిరింది. అడాప్టరు తన బరువుకు తానే కొద్దికొద్దిగా జారింది. లోపలి ఇత్తడి రేకులు ఎప్పుడో సాగిపోయిన రంధ్రం అది, పిన్నులను పట్టుకోదు. గూడ్సు పెట్టెలు సగం పోయాయో లేదో దీపాలు ఆరిపోయాయి.

పిల్ల కాసేపు చూసింది. తర్వాత స్విచ్చి కట్టేసి, దోమల మందు మిషను కింద పెట్టింది. అడాప్టరును పై రంధ్రంలో బిగించింది. స్విచ్చి వేసింది. మిగిలిన గూడ్సు పోతూనే ఉంది. అడాప్టరు కదల్లేదు.

“అమ్మా, నెట్టొచ్చింది” అని కేక వేసింది.

“మీ నాన్న ఆఫీసులో ఉన్నారు కదా, రాక చస్తుందా!” అంది తల్లి వంటింట్లోంచి.

అక్కడ ఆఫీసులో కుర్రాడు మాటలు మానేసి, ఏదో ఒకటి చేసినట్టు ఉండాలని రీసెట్ నొక్కాడు. తెర మీద గీత తిరిగింది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. ఆ నెంబరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది.

కుర్రాడు ఆ చుక్కను చూశాడు. ఇంటాయన కుర్రాడిని చూశాడు. బిల్లు కట్టడానికి వచ్చిన ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“మీ ఇంట్లో కరెంటన్నావు?”

కుర్రాడు జవాబివ్వలేదు. ఈ నెల బిల్లు మాఫీ చేస్తున్నట్టు రాసిచ్చాడు. ఇంటాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బిల్లు కట్టడానికి వచ్చినవాళ్లలో ఒకాయన ఆయన ఫోన్ నెంబరు అడిగి తీసుకున్నాడు. ఇలాంటి పనులకు ఒక మనిషి తెలిసి ఉండడం మంచిదన్నాడు.

ఇంటికొచ్చేసరికి మామ్మ ఫోనులో సీరియల్ చూస్తోంది. భార్య మంచినీళ్లు ఇచ్చింది. ఆయన కాగితం తీసి చూపించాడు. తెర ఎలా తిప్పాడో, ఏం బుకాయించాడో, చివరకు మీట ఎలా నొక్కాడో చెప్పాడు. వాళ్ల చేతిలో మీట ఉండి ఇన్నాళ్లూ నొక్కలేదన్నాడు. భార్య రెండుసార్లు అడిగి చెప్పించుకుంది.

పిల్ల బల్ల దగ్గరే కూర్చుని ఉంది. “నాన్నా, ఆ ప్లగ్గు…” అంది.

ఇంటాయన గ్లాసు కింద పెట్టాడు.

“ముందు నువ్వు అక్కణ్ణుంచి లే. ఆ పెట్టె జోలికెళ్లావంటే ఊరుకోను. ఇప్పుడే బాగుచేయించుకొచ్చాను.”