వైవా ముందు వినకూడని బయాసింగ్ సలహాలు

శంషాబాద్ వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో ల్యాబ్ పరీక్ష దగ్గరపడితే సీనియర్లు జూనియర్లకు అడక్కుండానే సలహాలిస్తారు. గేట్ డివైడర్ బయాసింగ్ మీద వాళ్లు చెప్పే వాటిలో మూడు వింటే నష్టపోతారు. ఒకే సర్క్యూట్ మీద చూద్దాం. సప్లై 12 వోల్టులు. డివైడర్‌లో పైన 300, కింద 100 కిలో ఓమ్‌లు. డ్రెయిన్‌లో 4.7, సోర్స్‌లో 1 కిలో ఓమ్. ఎన్‌హాన్స్‌మెంట్ మాస్‌ఫెట్ థ్రెషోల్డ్ 1 వోల్ట్ అనుకుందాం. గేట్ కరెంటు తీసుకోదు కనుక గేట్ దగ్గర సరిగ్గా 3 వోల్టులు. కరెంటును మిల్లీ ఆంపియర్లలో తీసుకుంటే:

```
ID = (VGS − 1)²
VGS = 3 − ID
u = VGS − 1  →  u² + u − 2 = 0
```

"రెండు జవాబులొస్తే పెద్ద కరెంటు రాసెయ్." ఇది మొదటిది. u విలువ 1 అయితే కరెంటు 1 మిల్లీ ఆంపియర్, −2 అయితే 4. ఆ నాలుగును నమ్మితే సోర్స్ 4 వోల్టులకు చేరి, గేట్–సోర్స్ వోల్టేజ్ −1 అవుతుంది. అలాంటి మాస్‌ఫెట్ అసలు ఆన్ కాదు. వర్గం చేసినప్పుడు మైనస్ గుర్తు పోయింది కాబట్టే ఆ అబద్ధపు జవాబు పుట్టింది. u పాజిటివ్‌గా ఉన్నదే తీసుకోండి.

"కరెంటు వచ్చిందిగా, సాచురేషన్ చూడక్కర్లేదు." అన్నిటికన్నా చేటు చేసేది ఇదే, ఎందుకంటే ఆ సమీకరణం సాచురేషన్‌లోనే చెల్లుతుంది. పరీక్ష మాత్రం చాలా తేలిక: డ్రెయిన్ వోల్టేజ్, గేట్ వోల్టేజ్‌లోంచి థ్రెషోల్డ్ తీసేసినంత కంటే తగ్గకూడదు. ఇక్కడ హద్దు 2 వోల్టులు, డ్రెయిన్ 7.3 దగ్గరుంది కనుక భయం లేదు. ఇప్పుడు గెయిన్ పెరుగుతుందని డ్రెయిన్‌లో 12 కిలో ఓమ్ పెట్టారనుకోండి. పాత లెక్క ప్రకారం డ్రెయిన్ సున్నాకు, అంటే సోర్స్ కంటే కిందికి, దిగాలి. అది జరగదు. ట్రయోడ్ సమీకరణంతో మళ్లీ చేస్తే కరెంటు సుమారు 0.88 మిల్లీ ఆంపియర్, డ్రెయిన్–సోర్స్ మధ్య అర వోల్ట్ మిగులుతాయి. ల్యాబ్‌లో మీటర్ అంత తక్కువ చూపిస్తుంటే, సిగ్నల్ ఇచ్చే ముందే డ్రెయిన్ రెసిస్టర్ తగ్గించండి.

"సోర్స్ రెసిస్టర్ దండగ, గేట్‌ని 2 వోల్టులకు దించి దాన్ని పీకెయ్." పుస్తకంలో అదే 1 మిల్లీ ఆంపియర్ వస్తుంది. కానీ కోఠిలో కొనే 2N7000 థ్రెషోల్డ్ 0.8 నుంచి 3 వోల్టుల మధ్య ఎంతైనా ఉండొచ్చని డేటాషీటే చెబుతుంది. మన ఉదాహరణలో థ్రెషోల్డ్ 1.5 అయిందంటే, సోర్స్ రెసిస్టర్ లేని సర్క్యూట్‌లో కరెంటు 0.25కు పడిపోతుంది. ఉన్నదాంట్లో 0.68 దగ్గర ఆగుతుంది. కరెంటు తగ్గగానే సోర్స్ వోల్టేజ్ దిగి, గేట్–సోర్స్ మధ్య ఆ మేరకు పెరుగుతుంది కనుక.