కుడిసొరుగు

నేను టేకుబల్లను. కోస్తాలోని యొక కళాశాలయందు వృక్షశాస్త్రశాఖను తెఱచిననాడు ఆ పట్టణపు వడ్రంగి నన్ను చేసి శాఖాధిపతి గదిలో నిలిపిపోయెను. నాటినుండి నామీద ఎండిన కొమ్మలను, సుమారు 42 సెంటీమీటర్ల పొడవును 29 సెంటీమీటర్ల వెడల్పునుగల దళసరి కాగితములపై దారముతో కుట్టిరి, పరీక్షపత్రములు దిద్దిరి, సెలవుచీటీలపై సంతకములు చేసిరి. వానకాలమున తేమకు నా కుడిసొరుగు ఉబ్బును గనుక దానిని ముందు కొంచెము పైకెత్తి పిమ్మట లాగవలయును. ఈ సంగతి తెలిసినవారిలో పదునొకండేండ్లు నా యెదుట కూర్చున్న మేడమ్ గారు ఒకరు.

ఒక సెప్టెంబరు మాసమున, ప్రాక్టికల్సు ముగిసి అందఱును వెడలిన పిమ్మట, ఆమె నామీద నొక తెల్లకాగితము పఱచుకొనెను. వేఱొక విశ్వవిద్యాలయమున ఆమెకు ఉద్యోగము వచ్చినది. 30వ తేదీ సాయంకాలమున ఇచ్చటినుండి రిలీవు కావలెను. ఆ మాట శాఖలోనివారికి ఆమె నోటనే తెలియవలెను. మూడు సాయంకాలములు ఆమె వ్రాసినదానికంటె కొట్టివేసినదే ఎక్కువ. కలపు మొన నా దేహమునకు తగులుచుండుటచేత, ఏ మాట యెందులకు పోయినదో నాకు తెలిసినంతగా మఱియెవ్వరికిని తెలియదు.

మొదట వ్రాసిన వాక్యము “మీరంతా నా కుటుంబం” అనునది. కలము అక్కడనే చాలసేపు నిలిచెను. హెర్బేరియమును చూచుకొను అమ్మాయి తాత్కాలికోద్యోగిని. నవంబరుతో ఆమె గడువు తీఱును. ఏటేట ఆమె పొడిగింపు కాగితముపై సిఫారసు వ్రాయవలసినది శాఖాధిపతియే. ఎవరి సంతకము లేనిచో తనకు జీతము రాదో వారే తన్ను కుటుంబమని పిలిచి వెడలిపోవుచుండగా వినువారి మనస్సెట్లుండును? ఆ వాక్యము పోయెను. దానికి బదులుగా ఆమె డిస్పాచి రిజిస్టరు తెప్పించుకొని, సిఫారసు పంపిన తేదీని, సంఖ్యను వ్రాసికొనెను.

రెండవనాడు పోయినది గాంబుల్ గారి ప్రస్తావము. మదరాసు రాజధానిలోని మొక్కలనుగూర్చి ఆయన ఆరంభించిన మహాగ్రంథము 1915లో వెలువడనారంభించెను; 1925లో ఆయన మరణింపగా, మిగిలిన భాగములను ఫిషర్ గారు 1936 నాటికి పూర్తిచేసిరి. ఆ సంపుటములు నామీద తెఱచియుండని దినము లేదు. తానారంభించిన జిల్లా మొక్కల పట్టికను తరువాతివారు పూర్తిచేయుదురని చెప్పుటకు ఈ ఉదాహరణము ఎంతో అందముగా అమరినది. కాని తన్ను గాంబుల్ గారి ప్రక్కన నిలుపుకొనుట యగుననియు, తనకు బదులు వచ్చువారిమీద అడుగకయే భారము మోపుట యగుననియు తోచి కాబోలు, అడ్డముగా గీత గీసి, “పట్టికలో గడ్డిజాతి, తుంగజాతి మిగిలాయి” అని మాత్రము వ్రాసెను. నేనైనను ఆ గీతనే మెచ్చుకొందును.

మూడవనాడు పోయినవి ఫిర్యాదులు: కప్పు మరమ్మతునకు మూడుమార్లు వ్రాసినను డబ్బు రాకపోవుట మొదలైనవి. అవి నిజములే, కాని ఆ గదిలో వినువారెవ్వరును వానికి బాధ్యులుకారు.

సభను మంగళవారమున పెట్టుకొనిరి. శనివారమైనచో విన్నవారు సందేహములను ఇండ్లకు మోసికొనిపోయి, ఆదివారమంతయు తమలో తామే తర్కించుకొనవలసి వచ్చియుండెడిది. ఇన్‌చార్జిగా ఉండవలసిన సీనియర్ లెక్చరరు గారికి రెండుదినములు ముందుగానే ఆమె చెప్పియుండెను. పదిమందిలో హఠాత్తుగా విని మొగము మార్చుకొనవలసిన యవస్థ ఆయనకు కలుగలేదు. పూలదండలు, శాలువా ఉండు సన్మానము వేఱు, ఈ మాట వేఱు అని చెప్పి, ఆమె లేచి నిలువక, ఎప్పటివలెనే నా యెదుట కూర్చుండియే మాటలాడెను.

“ఈ నెల 30న నేను వెళ్తున్నాను. అక్కడ నాకు పరిశోధనకు ఎక్కువ సమయం దొరుకుతుంది, అందుకే అడిగి తీసుకున్నాను. ఇక్కడ ఎవరితోనూ పొరపొచ్చాలు వచ్చి కాదు. ఒకటో తేదీనుంచి మాస్టారు ఇన్‌చార్జి. స్టాకు రిజిస్టరు, బ్రేకేజి రిజిస్టరు 24నుంచి ఇద్దరం కలిసి వస్తువు వస్తువూ సరిచూసి సంతకాలు పెడతాం. లెక్క తగ్గితే అది నా ఖాతాలోదే.”

హెర్బేరియపు అమ్మాయి వంక తిరిగి, “అమ్మా, నీ పొడిగింపుకు సిఫారసు ఈ నెల 9న వెళ్లింది, నంబరు ఈ కాగితంమీద ఉంది. మంజూరు చేసేది ప్రిన్సిపాలుగారు. అవుతుందని నేను మాట ఇవ్వలేను. 15వ తేదీలోగా జవాబు రాకపోతే ఆఫీసులో ఎవరిని అడగాలో కూడా రాశాను” అనెను. ఆ అమ్మాయి కాగితమును నాలుగు మడతలు పెట్టి పిడికిట నుంచుకొనెను.

పిదప అటెండరు గారిని పిలిచెను. మొక్కల కట్టలు బెంథమ్, హుకర్ గార్ల క్రమమున బీరువాలలో నుండును. ఆ క్రమమున గడ్డిజాతి చివరిది గనుక అది చివరి బీరువాలో అడుగు అరలయందుండును. గడచిన యేటి తుపానురాత్రి కప్పు కారి నీరు నేలపై నిలువగా, మొదట మునుగవలసినది అదియే. “ఆ రాత్రి మీరు వచ్చి కింది రెండు అరలూ ఈ బల్లమీదికి ఎక్కించారు. తరువాత ఎనిమిది రోజులు, ఆదివారంతో సహా, మీరూ ఈ అమ్మాయీ అద్దుడుకాగితాలు మార్చారు. ఒక్కరోజు మానినా తెల్లటి బూజు పట్టేది. పట్టికలో గడ్డిజాతి రాయడానికి ఇంకా నమూనాలున్నాయంటే అందువల్లనే.” అటెండరు గారు తలవంచుకొని నా అంచును చేతితో తుడిచెను. అచ్చట ధూళి లేదు.

చివర ఆమె ఒక యువ లెక్చరరు గారిని చూచి, “మీ ఇంక్రిమెంటు కాగితాలు నా దగ్గర నాలుగు నెలలు ఆగిపోయాయి. ఆఫీసు ఆలస్యమని మీరు అనుకున్నారు, నేను కాదనలేదు. ఆలస్యం నాది. బకాయి రావాలని నిన్న రాసి పంపాను” అనెను. నేను ఉలికిపడితిని, ఏలయనగా ఆ కాగితములు నా కుడిసొరుగులోనే, పాత ప్రశ్నపత్రముల క్రింద ఉండెను. ఆ యువకుడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “బకాయి బిల్లు నన్నే రాసుకోమంటారా మేడమ్?” అని అడిగెను. “నేనే రాశాను. సరిచూసుకోండి” అని ఆమె కాగితమును అందించెను.

మాటలన్నియు ఆఱేడు నిమిషములలో ముగిసెను. ప్రశ్నలకు మాత్రము ముప్పావుగంట పట్టినది. టైంటేబులులో ఆమె క్లాసులు ఎవరివి, అరకు యాత్రకు అడ్వాన్సు ఎవరు తీయవలెను మొదలగునవి. ఆమె ప్రతిదానికిని తెలిసినంతవఱకు చెప్పి, తెలియనిదానిని మాస్టారు గారికి విడిచెను.

30వ తేదీ సాయంకాలమున తాళములగుత్తి నామీద పెట్టి, ఇరువురును రిజిస్టరు చివరిపుటలో సంతకములు చేసిరి. మాస్టారు గారు కుడిసొరుగును పట్టి లాగిరి, అది రాలేదు.

“కొంచెం పైకెత్తి లాగండి,” అనెను మేడమ్ గారు.

పైకెత్తి లాగిరి. లోపల ఏమియు లేదు.