ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?

మా రోజుల్లో ఉద్యోగం పోతే పోయిందని స్పష్టంగా తెలిసేది. విశాఖలో ఒక ఫ్యాక్టరీ పర్సనల్ సెక్షన్లో గుమస్తాగా రిటైరై సొంతూరు హుకుంపేట చేరినవాణ్ణి. రిట్రెంచ్‌మెంటు నోటీసులు నా చేత్తో టైపు చేశాను. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ణి తీసేయాలంటే కారణం చూపి నెల ముందు నోటీసివ్వాల్సి ఉండేది, లేదా ఆ నెల జీతం చేతిలో పెట్టాల్సి ఉండేది. పైగా సర్వీసు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం. ఆ నోటీసులో ఓదార్పు మాట ఒక్కటీ ఉండేది కాదు. కానీ ఎవరు, ఎందుకు, ఎప్పటినుంచి, ఎంత ఇస్తారు అన్నవి ఒకే కాగితంలో దొరికేవి.

ఇప్పుడో? మొన్న మా ఊరి కుర్రాడొకడు కంపెనీ అందరికీ పంపిన మెయిలు చదివి వినిపించాడు. భవిష్యత్తుకు సిద్ధమవుతున్నారట, సంస్థను పునర్వ్యవస్థీకరిస్తున్నారట, కొన్ని బాధ్యతలు ప్రభావితమవుతాయట. చివర అందరికీ కృతజ్ఞతలు. చదివాక నన్నే అడిగాడు: "తాతా, నా ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?" ఏం చెప్పను? అందులో అంకె లేదు, తేదీ లేదు.

ఈ కాలంలోనూ రాయగలిగినవాళ్లు రాశారు. 2020 మే 5న, కరోనాతో ప్రయాణాలు ఆగిపోయినప్పుడు, ఎయిర్‌బీఎన్‌బీ అధినేత బ్రయన్ చెస్కీ ఉద్యోగులకు ఉత్తరం పంపాడు. 7,500 మందిలో దాదాపు 1,900 మంది వెళ్లాల్సి ఉంటుందని తేల్చి చెప్పాడు. ఆ ఏడు ఆదాయం 2019లో వచ్చినదాంట్లో సగం కూడా రాదన్న అంచనాను కారణంగా చూపాడు. అమెరికా ఉద్యోగికి 14 వారాల జీతం, ఆపైన సర్వీసు ఏడాదికి ఒక వారం అన్నాడు. నాలుగేళ్లు చేసినవాడు 18 వారాలని అక్కడికక్కడే లెక్క వేసుకోగలడు. అమెరికాలో వెళ్లేవాళ్లకు కొద్ది గంటల్లోనే మీటింగు పిలుపు వస్తుందని, అక్కడ పై అధికారి మాట్లాడతారని కూడా చెప్పాడు. తప్పు మీది కాదన్నాడు, క్షమించమన్నాడు. అన్ని వివరాలు ఇచ్చాడు గనకే ఆ క్షమాపణను నమ్మబుద్ధయింది.

మన హైదరాబాదులో పుట్టిన మైక్రోసాఫ్ట్ అధినేత సత్య నాదెళ్ల 2023 జనవరి 18న రాసిన మెయిల్లోనూ 10,000 ఉద్యోగాలన్న అంకె, అది మొత్తంలో 5 శాతం లోపేనన్న మాట ఉన్నాయి. అయితే కొందరికే ఆ రోజు కబురందింది. తక్కిన తొలగింపులు మార్చి నెలాఖరు దాకా సాగుతాయన్నారు. ఎవరి వంతు ఎప్పుడో తెలియని ఆ వారాల్లో మిగిలినవాళ్లకు పని మీద మనసెలా నిలుస్తుంది? అంకె చెప్పిన రోజే పేర్లూ తేల్చాలి. తేల్చలేకపోతే ఫలానా తేదీకి తేలుస్తామనైనా రాయాలి.

కంపెనీలు నడిపే పిల్లలూ, మొదటి పేరాలోనే అంకె, కారణం చెప్పండి. రెండో పేరాలో తేదీ, డబ్బు రాయండి. ఓదార్పు ఆ తర్వాత చెప్పండి. మా ఊరి కుర్రాడి జీతం మీద ఈ కొండ ఊళ్లో ఒక ఇల్లు నడుస్తోంది. అప్పు తీర్చాలా, పిల్లల ఫీజు కట్టాలా అన్నది ఆ ఇంటివాళ్లు ఈ నెలే తేల్చుకోవాలి.